ఒక్క రోజు కనబడి మాయమయ్యే గ్రహాన్ని నమ్మొచ్చా?

ప్రశ్న: ట్రాన్సిట్ పద్ధతిలో వేల గ్రహాలు దొరికాయి కదా, మళ్ళీ ఈ గ్రావిటేషనల్ మైక్రోలెన్సింగ్ ఎందుకు? ఒక్కసారి కనబడి ఇంకెప్పుడూ కనబడనిదాన్ని గ్రహమని ఎట్లా నమ్ముతారు?

మిర్యాలగూడ వైపు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఈ విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం, ముందే చెప్పేస్తున్నా. ట్రాన్సిట్ అంటే గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు తగ్గడాన్ని చూసి పట్టడం. అలా దొరికిన ఆ వేలల్లో ఎక్కువ భాగం తమ నక్షత్రాన్ని అంటిపెట్టుకుని, రోజుల్లోనో వారాల్లోనో ఒక చుట్టు ముగించేవి. ఆ పద్ధతికి చిక్కేవే అవి. దూరంగా, చల్లగా, చిన్నగా ఉన్న గ్రహం కావాలంటే మైక్రోలెన్సింగ్ తప్ప వేరే దిక్కు లేదు.

ఊరికే అనడం కాదు, ఒక్క గ్రహాన్ని తీసుకుందాం. దాని పేరు OGLE-2005-BLG-390Lb. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, నేను 390 అంటాను. బరువు భూమికి సుమారు అయిదున్నర రెట్లు. సూర్యుడిలో అయిదో వంతు బరువుండే ఒక మసక నక్షత్రం చుట్టూ తిరుగుతుంది. ఆ నక్షత్రానికీ దీనికీ మధ్య దూరం, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 2.6 రెట్లు. మన నుంచి చూస్తే ఇరవై వేల కాంతి సంవత్సరాలకు పైనే.

దీన్ని ట్రాన్సిట్‌లో పట్టాలంటే ముందు దాని కక్ష్య సరిగ్గా మన చూపుకు అడ్డంగా ఉండాలి. అంత చిన్న నక్షత్రానికి, అంత దూరపు కక్ష్యకు ఆ అవకాశం రెండు వేలల్లో ఒక వంతు కూడా లేదు. ఉన్నా తొమ్మిదేళ్ళకోసారి కొన్ని గంటలు అడ్డం వస్తుంది. నక్షత్రం ఊగిసలాటను కొలిచే పద్ధతికి పోదామంటే, ఈ గ్రహం తన నక్షత్రాన్ని లాగే వేగం సెకనుకు మీటరు కూడా కాదు. పైగా ఆ నక్షత్రం వెలుగే మనదాకా సరిగ్గా అందదు, ఇక అందులో ఊగిసలాట ఏం కొలుస్తాం? మైక్రోలెన్సింగ్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. గ్రహం వెలుగు అక్కర్లేదు, దాని నక్షత్రం వెలుగూ అక్కర్లేదు. వెనక ఇంకా దూరాన ఉన్న ఏదో ఒక పెద్ద నక్షత్రం వెలుగు వీటి పక్కనుంచి వస్తూ వీటి గురుత్వాకర్షణకు లెన్సులో లాగా వంగి, మనకు కొన్నాళ్ళు ఎక్కువగా కనబడితే చాలు.

చిలీలో పోలండ్ వాళ్ళు నడిపే ఓగల్ సర్వే ఉంది. పాలపుంత నడిమి భాగంలో కోట్ల నక్షత్రాల వెలుగును రాత్రి రాత్రికీ కొలుస్తుంది. వాళ్ళ డేటా ఎవరైనా దించుకోవచ్చు. ఒకసారి 390 డేటా ప్రింటు తీసి, ఇంటర్ పిల్లలకు గ్రాఫ్ పేపర్లు ఇచ్చి పాయింట్లు పెట్టమన్నాను. ఇందులో గ్రహం ఉందని చెప్పలేదు. కాసేపటికి చక్కటి గుట్ట వచ్చింది. వెలుగు మెల్లగా పెరిగి, 2005 జూలై 31న దాదాపు మూడింతలై, మళ్ళీ అదే తీరున తగ్గుతోంది. ఎక్కిన తీరే దిగిన తీరు. దిగే వైపు మాత్రం ఒక పాయింట్ గీతకు పైన తేలింది.

వెనక బెంచీలో ఒకడు లేచి, "సార్, ఈ పాయింట్ తప్పు పడ్డది, తుడిచేస్తా" అన్నాడు.

వాణ్ణి ఏమనాలి? ప్రాక్టికల్ రికార్డుల్లో మనం నేర్పేదే అది. గీత మీద పడని పాయింట్ కనబడితే రబ్బరు అందుకోవాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు నున్నటి గీత కావాలి, మార్కులు దానికే. లోలకం ప్రయోగానికి గడియారం కూడా పెట్టకుండా రీడింగులు రాసే కాలేజీలు మన దగ్గర ఎన్ని లేవు! సరే, అది వేరే గొడవ.

తుడవొద్దని చెప్పి, ఆ పాయింట్ తేదీ చూడమన్నాను. ఆగస్టు 10. శిఖరం దాటిన పది రోజులకు. అప్పుడు బోర్డు మీద లెక్క మొదలుపెట్టాం. ముందున్న నక్షత్రం వెనకదానికి సరిగ్గా సూటిగా వస్తే వెలుగు ఒక రింగులా కనబడాలి, ఐన్‌స్టీన్ రింగు అంటారు. దాని వ్యాసార్ధాన్ని ఒకటిగా తీసుకుని, రెండు నక్షత్రాల మధ్య మనకు కనబడే ఎడాన్ని u అంటే, వెలుగు ఎన్ని రెట్లు పెరగాలో ఇది చెబుతుంది:

```
A = (u² + 2) / (u √(u² + 4))
```

శిఖరం దగ్గర వెలుగు 2.9 రెట్లు కావాలంటే u సుమారు 0.36 ఉండాలి. ఈ సంఘటనలో ఒక రింగు వ్యాసార్ధం జరగడానికి 11 రోజులు పట్టింది. అంటే పది రోజుల్లో 0.91 జరిగింది. 0.36, 0.91 లకు పైథాగరస్ వేస్తే ఆగస్టు 10న u విలువ 0.98 వస్తుంది. సూత్రంలో పెడితే వెలుగు 1.36 రెట్లు ఉండాలి. కానీ ఆ రోజు గీతకు పైన లేచిన చిన్న గుట్టలో వెలుగు అంతకన్నా అయిదో వంతు దాకా ఎక్కువ.

అసలు ముచ్చట ఇక్కడ మొదలవుతుంది. ముందున్న నక్షత్రం వెనకదాని వెలుగును రెండు ప్రతిబింబాలుగా చీలుస్తుంది, ఒకటి రింగు లోపల, ఒకటి బయట. వాటిని టెలిస్కోపు విడదీసి చూపలేదు, అంత దగ్గరగా ఉంటాయి. కానీ బయటిది ఎక్కడుందో లెక్క చెబుతుంది: (u + √(u² + 4)) / 2. మన u పెడితే 1.6 వస్తుంది. ఆ రోజు ఆ ప్రతిబింబం 1.6 దగ్గర నడుస్తుండగా ఏదో దాన్ని ఇంకాస్త సాగదీసింది. గ్రహం కాక అక్కడ ఇంకేముంటుంది? శాస్త్రవేత్తలు పూర్తి లెక్కలు వేసి చెప్పిన గ్రహం స్థానం 1.61. గ్రాఫ్ పేపర్ మీద తేదీ చూసి, ఇంటర్ లెక్కతో మా పిల్లలు అక్కడిదాకా వచ్చారు. తుడిచేస్తానన్నవాడే క్యాలిక్యులేటర్ లాక్కుని మళ్ళీ వేసి చూసుకున్నాడు.

ఇక మీ రెండో ప్రశ్న, ఎట్లా నమ్ముతారని. ఒక్క పాయింట్‌తో ఎవరూ నమ్మలేదు, నమ్మకూడదు కూడా. ఆ తేడాను ముందు చిలీలోనే లా సిల్లా దగ్గరి డేనిష్ టెలిస్కోపు మీద ఉన్నవాళ్ళు గమనించారు. ఓగల్ పాయింట్ అదే రాత్రిది, అదీ అదే మాట చెప్పింది. చిలీలో తెల్లవారాక ఆస్ట్రేలియాలో పెర్త్ టెలిస్కోపు అందుకుంది, అద్దం అరవై సెంటీమీటర్లే. ఆ చిన్న గుట్ట రెండో సగాన్ని పట్టింది అదే. న్యూజిలాండ్ నుంచి మోవా బృందం కొలతలూ కలిశాయి. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు అద్దాల మీద ఒకే రోజు ఒకే తప్పు పడదు.

అయినా ఒక అనుమానం మిగులుతుంది. వెనక ఉన్నది ఒక నక్షత్రం కాక జంట అయితే? మసకగా ఉన్న రెండోది, లెన్సులా పనిచేసే ముందు నక్షత్రానికి బాగా దగ్గరగా పోయినా ఇలాంటి చిన్న గుట్టే వస్తుంది. అందుకే గుట్ట ఆకారం కావాలి, ఉందంటే సరిపోదు. పెర్త్, న్యూజిలాండ్ కొలతలతో ఆ ఆకారాన్ని రెండు లెక్కలకూ సరిచూశారు. జంట లెక్క సరిగ్గా అతకలేదు, గ్రహం లెక్క అతికింది. పెర్త్‌లో ఆ రోజు మబ్బు పట్టి ఉంటే ఈ గ్రహం సందేహంగానే మిగిలిపోయేదేమో.

ఒక పరిమితి కూడా ఒప్పుకోవాలి. మైక్రోలెన్సింగ్‌లో గ్రహం చిన్నదైతే గుట్ట ఎత్తు తగ్గాలని లేదు, దాని వ్యవధి తగ్గుతుంది. గురుగ్రహమంత దానికి ఒక రోజు, భూమంత దానికి గంటో రెండు గంటలో. అయితే వెనక నక్షత్రం మరీ లావుగా ఉంటే ఎత్తూ పోతుంది. 390 విషయంలో వెనక ఉన్నది జెయింట్ నక్షత్రం. గ్రహం సొంత రింగు కన్నా దాని బిళ్ళే మూడింతలు పెద్దది. కాబట్టి పెంపు ఆ బిళ్ళంతా పరుచుకుని ఇరవై శాతానికి దిగిపోయింది. అదే చోట భూమంత గ్రహం ఉంటే మూడు శాతం దగ్గర తేలేది. ఇంకా చిన్నదైతే కొలతల్లోని అదురులో కలిసిపోతుంది. పైగా లెన్సు నేరుగా చెప్పేది గ్రహానికీ నక్షత్రానికీ బరువుల నిష్పత్తినే. అసలు బరువుకు, అంటే ఆ అయిదున్నర రెట్లకు, నక్షత్రం బరువును పాలపుంత నమూనాలతో అంచనా వేయాల్సి వచ్చింది. కాబట్టి దాన్ని పక్కా లెక్కగా కాక ఒక మధ్య అంచనాగా తీసుకోండి.

అన్నట్టు, ఇది దొరికిన వార్త 2006లో వచ్చింది. ఇప్పటికీ మన తెలుగు సైట్లు ఇలాంటివాటికి "మరో భూమి" అని హెడ్డింగ్ పెడతాయి. దాని ఉపరితలం దగ్గర సుమారు మైనస్ 220 డిగ్రీలు. అక్కడ ప్లాటు కొనుక్కునేవాళ్ళకు నా శుభాకాంక్షలు.

ఇంకో బాధ కూడా చెప్పి ఆపుతాను. 390 వృశ్చిక, ధనుస్సు రాశుల సరిహద్దులో ఉంది. ఆ భాగం జూన్ నుంచి ఆగస్టు దాకా మన దక్షిణాన బాగా పైకి వస్తుంది, నల్లగొండ జిల్లాలో ఏ డాబా మీద నిలబడ్డా కనబడాలి. ఆ మూడు నెలలూ మనకు మబ్బులే. ఆస్ట్రేలియాకూ ఆఫ్రికాకూ మధ్యన ఉన్న రాత్రి మనది. వాన రాకపోతే నాట్లు లేవు, వస్తే ఆకాశం లేదు. కొరియా వాళ్ళు చిలీ, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో ఒకే రకం టెలిస్కోపులు మూడు పెట్టుకుని రోజంతా కాపలా కాస్తున్నారంటే నాకు అసూయే.

ఏ నక్షత్రం చుట్టూ తిరగకుండా ఒంటరిగా పోయే గ్రహాలు కూడా ఇందులోనే పడతాయి. 2016లో ఓగల్ పట్టిన ఒక సంఘటనలో ఒక రింగు వ్యాసార్ధం జరగడానికి పట్టింది 42 నిమిషాలే. దానికి దగ్గరలో నక్షత్రం జాడ కనబడలేదు. వెలుగు లేని, తిరగడానికి నక్షత్రం లేని చిన్న వస్తువును మీ ట్రాన్సిట్ ఎట్లా పడుతుందో చెప్పండి చూద్దాం.

నమ్మకం కుదరకపోతే మీరే గీయండి. ఓగల్ పేజీలో 2005 సంవత్సరం, BLG-390 ఎంచుకుని phot.dat ఫైల్ దించుకోండి. మొదటి నిలువు వరుసలో రోజులను వరుసగా లెక్కబెట్టే జూలియన్ తేదీ, రెండోది మాగ్నిట్యూడ్, మూడోది కొలతలో పొరపాటు. మాగ్నిట్యూడ్ తగ్గితే వెలుగు పెరిగినట్టు, అందుకని నిలువు అక్షాన్ని తలకిందులు చేసుకోండి. శిఖరం 2453582 దాటాక వస్తుంది, 2453592, 2453593 మధ్య జూమ్ చేసుకుని చూడండి.