‘మీరు’కీ ‘నువ్వు’కీ నడుమ

సందేహం: పెద్దలు కుదిర్చిన పెళ్లి. మూడు వారాలైంది. మా ఆవిడను ‘మీరు’ అంటే పరాయివాళ్లతో మాట్లాడుతున్నట్టుంది. ‘నువ్వు’ అంటే తొందరపడి చనువు తీసుకున్నట్టుంది. ఎటూ తేల్చుకోలేక సగం మాటలు మింగేస్తున్నాను. దగ్గరితనమూ మర్యాదా రెండూ ఉండే మాటతీరు ఏదైనా ఉందా?

సమాధానం: ఉంది. అయితే ‘మీరు’, ‘నువ్వు’ పలక్కుండా మానేస్తే సరిపోదు. ‘నిద్రపోయారా’, ‘నిద్రపోయావా’ అన్నప్పుడు క్రియ చివరే గుట్టు విప్పేస్తుంది. అదే ‘నిద్ర పట్టిందా?’ అని చూడండి. ఇక్కడ క్రియ నిద్రతో పొత్తు కుదుర్చుకుంది, మనిషితో కాదు. ‘చలేస్తోందా?’, ‘తలనొప్పి తగ్గిందా?’, ‘ఈ రంగు నచ్చిందా?’ కూడా అంతే. ‘నీకు’, ‘మీకు’ చెప్పకపోయినా వాక్యం లోటుగా ఉండదు. పైగా ఇవన్నీ ఎదుటి మనిషి సుఖం అడిగే ప్రశ్నలు, కాబట్టి ఆప్యాయత వాటిలోనే ఉంది. కాకపోతే నెలల తరబడి ఇలాగే నెట్టుకొస్తే తప్పించుకుంటున్నారని ఆమె ఇట్టే పసిగడుతుంది.

తర్వాతి మెట్టు ‘దాం’. ‘కాసేపు నడుద్దామా?’ అన్న మాటలో ‘మనం’ దాగి ఉంది. ‘మేము’ వినేవాళ్లను బయట ఉంచుతుంది, ‘మనం’ కలుపుకుంటుంది. కొత్త కోడలితో ‘మా ఇంట్లో ఇలా చేయం’ అంటే ఆ ‘మా’లో ఆమె లేదు. అనేవాళ్లకు ఆ ధ్యాసే ఉండదు గానీ వినేవాళ్లకు చురుక్కుమంటుంది.

ఇక చేరువయ్యే మాటల్లో నాకు బాగా నచ్చేది ‘-నా’ ప్రశ్న: ‘పక్కన కూర్చోనా?’, ‘చెయ్యి పట్టుకోనా?’ పని చేసేది మీరు, తేల్చాల్సింది ఆమె. ‘కూర్చుంటానే’ అంటే ఆ వీలు పోతుంది, అడగడం కాస్తా చెప్పడమైపోతుంది. ‘ఇష్టమేనా?’, ‘ఇష్టమేగా!’ మధ్య తేడా కూడా ఇలాంటిదే. ‘గా’ జవాబును ముందే ఊహించేసుకుంటుంది, మొహమాటపడే మనిషి కాదనలేదు. ‘ఊఁ’ ఒక్కటే వినిపిస్తే ఒప్పుకోలుగా లెక్కేయకండి, ‘వద్దంటే వద్దులే’ అని ఇంకోసారి అవకాశమివ్వండి. ‘ఇప్పుడు కాదు’ అంటే ‘సరే’ అని ఊరుకోండి. ‘ఎందుకని?’ అని గుచ్చి అడిగితే ఆ ‘సరే’కి విలువ లేదు.

‘నువ్వు’ మాటకొస్తే, సూటిగా అడగడమే మేలు: ‘నువ్వు అననా? నన్నూ అలాగే అనొచ్చు.’ రెండో వాక్యం మరవకండి. అది లేకపోతే ఒకరు ‘నువ్వు’, ఒకరు ‘మీరు’గా స్థిరపడిపోతారు. ఆమె ‘మీరు’ దగ్గరే ఆగిందా, ఆగనివ్వండి. పెద్దవాళ్ల ముందు ‘ఏమండీ’ అని, ఏకాంతంలో ‘ఎప్పుడొస్తావు?’ అని నోరు జారే వాళ్లున్నారు. అలా జారిన రోజు ‘ఇప్పుడేమన్నావు?’ అని ఆటపట్టించకుండా ఎప్పుడొస్తారో మాత్రం చెప్పండి.