రూపాయి ట్రయల్ వెనుక ఆటోపే: యాప్ తీసేసినా ఆగని కోతను ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: మా మనవడికి ఇంగ్లిషు నేర్పే యాప్‌ను ఏడు రోజులు చూడవచ్చంటే ఫోన్‌లో ఒక్క రూపాయి కట్టాను. ఆ తర్వాత రెండు నెలలుగా 12వ తేదీన నా పింఛను ఖాతాలోంచి 399 రూపాయలు పోతున్నాయి. యాప్ తీసేసినా ఆగలేదు. మళ్లీ 12న తీసుకుంటామని ఈ రోజు మెసేజ్ వచ్చింది. ఖాతా మార్చుకోవాలా? పోయిన డబ్బు తిరిగి వస్తుందా? — విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: ఖాతా మార్చుకోనక్కరలేదు. ఖాతాలో డబ్బు లేకుండా ఖాళీ చేయడం కూడా పరిష్కారం కాదు, ఎందుకంటే అనుమతి అలాగే ఉండి, పింఛను పడిన తర్వాత వచ్చే గడువుకు మళ్లీ పనిచేస్తుంది. మీరు రద్దు చేయవలసింది ఆ అనుమతినే, దాన్నే బ్యాంకు భాషలో మ్యాండేట్ అంటారు.

రూపాయి కట్టడానికి యూపీఐ పిన్ కొట్టినప్పుడు మీరు చేసినవి రెండు పనులు. ఒకటి రూపాయి చెల్లింపు, రెండవది మునుముందు కోతలకు ఆటోపే మ్యాండేట్. పిన్ అడిగే ముందు వచ్చిన తెరపై గరిష్ఠ మొత్తం, ఎంత కాలానికొకసారి, ఎప్పటివరకు అన్న వివరాలు ఉంటాయి గాని, పైన పెద్దగా కనిపించే రూపాయినే మనం చూస్తాము. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మ్యాండేట్ పెట్టేటప్పుడు పిన్ తప్పనిసరి. ఆ తర్వాత ఇటువంటి చందాల విషయంలో 15,000 రూపాయల వరకు ఒక్కో కోతకు మళ్లీ పిన్ అడగరు. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే పోయేది ఆ యాప్ మాత్రమే. మ్యాండేట్ ఉండేది మీ బ్యాంకు, యూపీఐ వ్యవస్థల దగ్గర కాబట్టి దానికి ఆ సంగతే తెలియదు.

ముందుగా ఆ మెసేజ్‌ను లేదా మీ బ్యాంకు స్టేట్‌మెంటును తెరిచి, డబ్బు ఎవరి పేరున పోతున్నదో చూడండి. ఆ యాప్ సంస్థ పేరుంటే ఒక దారి, గూగుల్ ప్లే అని ఉంటే మరొక దారి.

సంస్థ పేరే ఉంటే, మీరు రూపాయి కట్టిన యూపీఐ యాప్‌ను తెరవండి. గూగుల్ పే, ఫోన్‌పే వంటి వాటిలో మీ ప్రొఫైల్ బొమ్మను నొక్కితే లోపల Autopay అనే విభాగం కనిపిస్తుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురి చేతుల్లో ఫోన్ నలిగి ఏ యాప్‌లో కట్టారో గుర్తులేకపోతే, మ్యాండేట్ మెసేజ్‌లో ఉండే పొడవైన సంఖ్య చివర @ గుర్తు తర్వాత ఉన్న అక్షరాలు చూడండి. @ybl అయితే ఫోన్‌పే, @oksbi లేదా @okaxis వంటివైతే గూగుల్ పే. ఒక యాప్‌లో వెతికి కనిపించలేదని మ్యాండేట్ లేదనుకోవడం ఎక్కువ మంది పడే పొరపాటు.

మ్యాండేట్ దొరికిన వెంటనే రద్దు నొక్కకండి. అందులోని గరిష్ఠ మొత్తం, మొదలైన తేదీ, ముగిసే తేదీ, మ్యాండేట్ సంఖ్య కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత డబ్బు అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే. కోత 399 అయినా గరిష్ఠ మొత్తం 999 అని ఉంటే ఆశ్చర్యపోకండి. రేపు ధర పెంచినా మళ్లీ మీ అనుమతి అడగకుండా ఉండేందుకు పెట్టుకున్న వెసులుబాటు అది. ఆ తర్వాత రద్దును ఎంచుకోండి. మీ పిన్ అడిగితే కొట్టండి. పక్కనే కనిపించే Pause అనేది తాత్కాలికంగా ఆపడమే, మీకు కావలసింది అది కాదు. రద్దయినట్లు మెసేజ్ వచ్చిందో లేదో చూసి దాన్ని దాచుకోండి. కోతకు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలన్నది నిబంధన కాబట్టి ఈ రోజు వచ్చిన మెసేజ్ మీకు గడువు ఇచ్చింది, కాని 12 ఉదయం దాకా ఆగకుండా ఈ రోజే ఈ పని ముగించండి.

గూగుల్ ప్లే పేరు ఉంటే వరుస మారుతుంది. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ, ఆపైన Payments & subscriptions, అందులో Subscriptions తెరిచి ముందు చందాను అక్కడ రద్దు చేయాలి. చందాను అలాగే ఉంచి యూపీఐ మ్యాండేట్‌ను మాత్రమే తీసేస్తే, అక్కడ మీరు ఎప్పుడో చేర్చిన కార్డు ఉన్నప్పుడు కోత దాని మీదికి వెళ్లే అవకాశం ఉంది. అక్కడ చందా ఏ గూగుల్ ఖాతాలో ఉందో కూడా గమనించండి. మనవడి కోసం వేరే ఖాతాతో తెరిచి ఉంటే మీ ఖాతాలో ఆ జాబితా ఖాళీగానే కనిపిస్తుంది.

ఇక పోయిన 798 రూపాయల సంగతి. ఇక్కడ మీకు ఆశ ఎక్కువ చూపించను. పిన్ మీరే కొట్టారు కాబట్టి బ్యాంకు దీన్ని అనుమతి లేని లావాదేవీగా చూడదు. డబ్బు అడగవలసింది సంస్థనే. అయితే మీ బలం ఎంతో రెండు విషయాలు తేలుస్తాయి. మొదటిది, గత రెండు కోతలకూ ముందు రోజు మీకు కబురు వచ్చిందా అన్నది. ఫోన్ మెసేజ్‌లలో, ఈమెయిల్‌లో, యూపీఐ యాప్ సమాచారంలో 10, 11 తేదీలు వెతకండి. రాలేదని తేలితే అది బ్యాంకుకే ఇవ్వదగిన ఫిర్యాదు. రెండవది, ట్రయల్ తెరపై ఏడు రోజుల తర్వాత 399 అని స్పష్టంగా రాశారా, రద్దు చేసే దారి చూపించారా అన్నది. చందాలో చేర్చడం తేలిక చేసి, బయటపడటం కష్టం చేసే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన మార్గదర్శకాలలో వినియోగదారులను మోసపుచ్చే పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. ఈ రెండింటినీ, తేదీలతో సహా, ఆ సంస్థకు ఈమెయిల్‌లో రాసి, చివరి కోత జరిగాక యాప్‌ను వాడలేదని చెప్పి ముందుగా ఆ 399ను, దాంతోపాటు మొదటిదాన్ని కూడా అడగండి. చివరి కోత తిరిగి రావడానికి ఎక్కువ అవకాశం ఉంటుంది. వాడిన నెలకు సంస్థలు సాధారణంగా ఒప్పుకోవు. జవాబు రాకుంటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. సంస్థ ఫోన్ నంబరును మాత్రం ఇంటర్నెట్‌లో వెతకకండి; అక్కడ దొరికే నకిలీ నంబర్ల వాళ్లు డబ్బు తిరిగి ఇస్తామంటూ పిన్ కొట్టమంటారు, డబ్బు రావడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు.

13వ తేదీన స్టేట్‌మెంటు ఒకసారి చూడండి. రద్దయిన తర్వాత కూడా 399 పోయి ఉంటే కథ పూర్తిగా మారుతుంది, ఎందుకంటే ఆ కోతకు మీ అనుమతి లేదు. రిజర్వు బ్యాంకు 2017 నిబంధనల ప్రకారం, మీ తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా జరిగిన అనధికార లావాదేవీని సమాచారం అందిన మూడు పని దినాల లోపు తెలియజేస్తే మీ మీద భారం ఉండదు. రద్దు మెసేజ్, స్క్రీన్‌షాట్ జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే అదే సంఖ్యతో cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు.