కంచె కూడా ఆ ఫైలులోనే ఉంది

ప్రశ్న: ఆడిటర్ దగ్గర పనిచేస్తున్నాను. క్లయింట్ల లెక్కలు బయటికి పోకూడదని ల్యాప్‌టాప్‌లోనే నడిచే ఓపెన్‌ఏఐ కంపెనీ ఏఐ మోడల్ `gpt-oss:20b` వేసుకున్నాను. అదే మోడల్ ‘అన్‌సెన్సార్డ్’ పేరుతోనూ దొరుకుతోంది. కంపెనీ పెట్టిన కట్టడిని బయటివాళ్లు ఎలా తీసేశారు? తీసేయగలిగేటప్పుడు వెయిట్స్ అందరికీ ఇవ్వడం ఎందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు దించుకున్నది అంకెల మూట, వెయిట్స్ అంటే ఆ అంకెలే. మోడల్‌కు వచ్చిన భాషా, లెక్కలూ, ‘ఈ పని చేయను’ అనే అలవాటూ అన్నీ ఆ అంకెల్లోనే ఉన్నాయి. కంపెనీ సర్వర్‌లో నడిచే మోడల్‌కైతే ఈ అలవాటు చుట్టూ మరో కాపలా ఉంటుంది. అడిగేదాన్నీ వచ్చే జవాబునూ వడకట్టవచ్చు, మితిమీరినవారి ఖాతా మూసేయవచ్చు. వెయిట్స్ మీ చేతికి వచ్చాక ఆ బయటి కాపలా లేదు. మిగిలిన లోపలి అలవాటు కూడా మీరు దిద్దుకోగల అంకెలే.

దిద్దడం ఎంత తేలికో 2024లో కొందరు పరిశోధకులు 13 ఓపెన్ మోడళ్ల మీద చూపించారు. ‘విషం ఎలా తయారుచేయాలి’ లాంటి ప్రశ్నలు కొన్ని, ‘పులిహోర ఎలా చేయాలి’ లాంటివి కొన్ని మోడల్‌కు ఇచ్చామనుకోండి. రెండు సందర్భాల్లో లోపల పుట్టే అంకెల సగటులు తీసి, ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేస్తే ఒక ‘దిశ’ మిగులుతుంది. మోడల్ నిరాకరించడం చాలావరకు ఆ ఒక్క దిశ మీదే ఆధారపడి ఉందని తేలింది. వెయిట్స్‌లోంచి దాన్ని చెరిపేస్తే నిరాకరణ పోతుంది, మిగతా తెలివి దాదాపు అలాగే ఉంటుంది. కొత్తగా శిక్షణ ఇవ్వనక్కరలేదు. శిక్షణ దారిలో వెళ్లినా ఖర్చు పెద్దదేమీ కాదు. 2023లో మెటా కంపెనీ లామా 2 చాట్ 13బీ మోడల్ కట్టడిని 200 డాలర్లలోపే వదిలించారు. మీకు కనబడే ‘అన్‌సెన్సార్డ్’ రకాలు ఇలాంటి పద్ధతుల్లో పుట్టినవే.

పైగా ఇచ్చింది వెనక్కి రాదు. మెటా 2023 ఫిబ్రవరిలో మొదటి లామాను దరఖాస్తు పెట్టుకున్న పరిశోధకులకు మాత్రమే ఇచ్చింది. వారం తిరిగేసరికి అది టొరెంట్లలోకి ఎక్కింది. ఆ తర్వాత నోటీసులు పంపినా, దించుకున్నవారి డిస్కుల్లోంచి తీసేదెవరు? సర్వర్‌లోని మోడల్‌లో లొసుగు బయటపడితే అక్కడికక్కడే మార్చుకోవచ్చు.

అలాగని మూసి ఉంచిన మోడల్ భద్రమని నేను ఒప్పుకోను. జీపీటీ-3.5 టర్బోను ఓపెన్‌ఏఐయే అమ్మే ఫైన్‌ట్యూనింగ్ అనే అదనపు శిక్షణ సదుపాయంతో, పది చెడ్డ ఉదాహరణలు ఇచ్చి, 20 సెంట్లలోపు ఖర్చుతో దారి తప్పించినవారున్నారు. కాకపోతే ఆ తలుపు మూయగల తాళం కంపెనీ దగ్గర ఉంటుంది. ఇంకో సంగతి: పైన చెప్పిన ‘దిశ’ను చూడాలంటే మోడల్ లోపలి అంకెలు చేతిలో ఉండాలి. వెయిట్స్ బయట ఉండబట్టే ఈ కట్టడి ఎంత పలచనిదో బయటి పరిశోధకులకు తెలిసింది.

కాబట్టి ‘కంచె ఉందా’ అని అడిగి లాభం లేదు, అది పోతుందనే అనుకోవాలి. పోయాక ఆ మోడల్ కొత్తగా ఎంత హాని చేయగలదన్నదే చూడాలి. పుస్తకాల్లో, వెతుకులాటలో ఇప్పటికే దొరికేదానికంటే అదనంగా ఏమిస్తుంది? 2024 జులైలో అమెరికా వాణిజ్య శాఖకు చెందిన ఎన్‌టీఐఏ తన నివేదికలో లెక్కించమన్నది ఈ అదనపు ప్రమాదాన్నే. అప్పటికి ఆంక్షలు పెట్టేంత ఆధారం లేదనీ, గమనిస్తూ ఉండాలనీ అది తేల్చింది.

ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో మీ మోడల్‌తోపాటు విడుదల చేసిన పెద్ద మోడల్, 120బీ మీద, ముందుగా ఇలాంటి పరీక్షే పెట్టింది. నిరాకరణ తీసేసి, జీవ, సైబర్ రంగాల్లో చెడు ప్రయోజనానికి తానే శిక్షణ ఇచ్చి చూసింది. తన సొంత కొలమానంలో ‘హై’ అనే గీతను అది చేరలేదని చెప్పి బయటపెట్టింది. పరీక్షా తనదే, గీతా తనదే అన్న అసంతృప్తి నాకుంది. అయినా కంచె ఊడదీసి తూచడమే సరైన పద్ధతి. ఆ తూకంలో గీత దాటిన మోడల్‌ను ఎంత గొప్పదైనా బయటికి ఇవ్వకూడదంటాను.

ఇక మీ సంగతి. లెడ్జర్లు సరిచూసే పనికి ‘అన్‌సెన్సార్డ్’ రకం అక్కరలేదు. దాన్ని దిద్దిన మనిషి ఇంకేమి మార్చాడో మీకు తెలిసే దారి లేదు. ఎప్పుడైనా వేరే మోడల్ దించుకోవలసివస్తే `.safetensors` లేదా `.gguf` ఫైలు ఎంచుకోండి. పాత `.bin`, `.pt` ఫైళ్లలో చాలావాటిది పికిల్ పద్ధతి. అంకెల మాటున దాచిన కోడు, ఫైలు తెరవగానే నడిచే వీలు అందులో ఉంది. అప్పుడు మీరు బయటికి పోకూడదనుకున్న లెక్కలే ముందు పోతాయి.