కుర్తీ మెడ మీద ముడతలు

ప్రశ్న: రేయాన్ కుర్తీ మెడ దగ్గర చేత్తో ఎంబ్రాయిడరీ చేస్తే చుట్టూ బట్ట ముడుచుకుపోతోంది. ముడతలు రాకుండా ఏ కుట్టు వేయాలి?

అడుగున ఏమీ వేయకుండా రేయాన్ మీద ఏ కుట్టు వేసినా ముడుచుకుంటుందండీ, కాబట్టి ముందు బట్ట సంగతి చూడండి. మా పక్కింటి అమ్మాయి కుట్టించుకున్న కుర్తీ మీద శాటిన్ కుట్టుతో తామరపువ్వు వేసుకుంది. రింగులో ఉన్నంతసేపూ చూడముచ్చటగా ఉంది, రింగు తీయగానే రేకుల చుట్టూ బట్ట గుంజుకుపోయింది. రింగులో బిగించి లాగినప్పుడు రేయాన్ సాగుతుంది, తీయగానే వెనక్కి పోతుంది, దారం మాత్రం సాగిన కొలతకే కుట్టి ఉంటుంది. పైగా మెడ వంపులో బట్ట ఏటవాలుగా పడుతుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ సాగుతుంది.

దారాలన్నీ విప్పించి, కుర్తీ ఉతికి ఆరేశాక, పువ్వు కంటే చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగా పల్చటి మల్‌మల్ ముక్క కత్తిరించి, దాన్నీ ఉతికి, నిలువు పోగు నిలువు పోగుకే వచ్చేలా లోపలివైపు పెట్టాను. మధ్య నుంచి అంచులకు పెద్ద పెద్ద టాకాలు వేసి రెండు పొరలూ కలిపి రింగులో పెట్టాం. రింగు బిగించాక బట్టను ఏటవాలుగా లాగకూడదు, నిలువుగా, అడ్డంగా మాత్రమే సర్దాలి. షాపులో అడిగితే కాలర్లకు వేసే గట్టి బక్రం చేతిలో పెడతారు, దయచేసి తీసుకోకండి, సూది దిగదు, మెడ అట్టలా నిలబడుతుంది. ఇస్త్రీ వేడికి అంటుకునే ఫ్యూజింగే కావాలంటే అన్నిటికంటే పల్చటిది అడగండి, ఇస్త్రీపెట్టెను జరపకుండా ఎత్తి ఎత్తి అద్దండి, పూర్తిగా చల్లారాకే కుట్టు మొదలుపెట్టండి.

ఇక కుట్లు. అంగుళం పొడవు రేకును శాటిన్‌తో నింపితే దారాలు వదులై గాజులకు తగులుకుంటాయి. మేము రేకుల్ని రెండు పోగుల దారంతో గొలుసు కుట్టు వరసలుగా నింపాం, కాడలకు కాడ కుట్టు, శాటిన్ చిన్న మొగ్గలకే. గొలుసు కుట్టులో దారం లాగేటప్పుడు ఉచ్చు బట్టకు ఆనగానే ఆపేయాలి, ఇంకొంచెం లాగితే అక్కడే ముడత మొదలవుతుంది. వీడియోల్లో ఈ విషయం ఎవరూ చెప్పరు, మందపాటి కాటన్ మీద కుట్టి చూపించి వెళ్లిపోతారు!

నన్నడిగితే అసలు మెడ కత్తిరించకముందే కుట్టాలి. చాక్‌తో మెడ గీత గీసి, బట్ట ముక్కగా ఉండగానే పని పూర్తి చేసి అప్పుడు టైలర్‌కి ఇవ్వండి, అంచు కుట్టుకి ఒక అర అంగుళం వదలండి. ఇప్పుడు ముడుచుకుపోయిన కుర్తీకైతే దారం విప్పడమే దారి, ఇస్త్రీతో పోదు. మళ్లీ కుట్టాక మల్‌మల్ అంచులు పువ్వు దగ్గరిదాకా కత్తిరించి, మందపాటి తువ్వాలు మీద బోర్లా వేసి ఇస్త్రీ చేయండి, కుట్టు అణిగిపోదు.