కొట్టు తెరిచేనాడు చెప్పుకునే ప్రార్థన: ‘తప్పకుండా’, ‘రాకుండా’ ఎక్కడ అతుకుతాయి?

సందేహం: మండపేటలో కిరాణా కొట్టు తెరుస్తున్నాం. పూజ అయ్యాక నా నోటితో తెలుగులో నాలుగు మాటలు చెప్పుకోమని మా నాన్నగారు అన్నారు. ఇలా రాసుకున్నాను: “అమ్మా లక్ష్మీదేవీ! నీవు మాకు నిజాయితీ అయిన వ్యాపారమును, న్యాయమైన లాభములను ప్రసాదించవలసినదిగా కోరుచున్నాను. మా తూకం తప్పకుండా చూడండి. మాకు లాభం, కొనేవాళ్ళకి నష్టం రాకుండా కాపాడండి.” పైకి చదివితే ఎక్కడో తేడా కొడుతోంది. సరిచేసి చెప్పగలరా?

సమాధానం: మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. అసలు చిక్కంతా చివరి రెండు వాక్యాల్లో ఉంది కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

“మాకు లాభం, కొనేవాళ్ళకి నష్టం రాకుండా కాపాడండి” అన్నారు. మీకు లాభం రావాలి, వాళ్ళకి నష్టం రాకూడదు అన్నది మీ ఉద్దేశం. కానీ తెలుగులో క్రియ చివర వస్తుంది, కాదు, లేదు అనే అర్థం ఆ క్రియలోనే ఉంటుంది. దాని ముందు కామాలతో వరసగా పెట్టిన మాటలన్నీ ఆ ఒక్క క్రియకే అతుక్కుంటాయి. “ఈగలు, దోమలు రాకుండా తలుపు వెయ్యి” అంటే ఈగలు రావచ్చు, దోమలు మాత్రం వద్దు అని ఎవరూ అనుకోరు. అలాగే మీ వాక్యంలో ‘రాకుండా’ అన్నది నష్టాన్నే కాదు, మీ లాభాన్ని కూడా ఆపేస్తుంది. లాభం రాకుండా కాపాడమని మీరే అడిగినట్టయింది.

దీనికి మందు, రెంటికీ విడివిడిగా క్రియలు ఇవ్వడమే. “మాకు లాభం రానివ్వు. కొనేవాళ్ళకి నష్టం రానివ్వకు.” ‘రానివ్వు’, ‘రానివ్వకు’ అని రెండూ పక్కపక్కన పడితే అనుమానానికి చోటుండదు, నోటికీ చక్కగా పలుకుతుంది.

వర్తకుల ప్రార్థన అథర్వవేదంలోనే ఉంది, మూడో కాండలో 15వ సూక్తం. ఇంద్రుణ్ణే వర్తకుడని పిలిచి, మాకు ముందు నడవమని అడుగుతుంది. నేను బేరానికి పెట్టిన ధనం పెరగాలి గాని తరగకూడదు అనే కోరిక అందులో ఇలా ఉంది: “తన్మే భూయో భవతు మా కనీయః”. అక్కడ వద్దు అని చెప్పే ‘మా’ నేరుగా ‘కనీయః’ ముందు, అంటే తరగడం ముందు నిలబడింది. పెరగాలన్న మాటని అది తాకదు. తెలుగులో అలాంటి విడి మాట లేదు కాబట్టి వాక్యాన్నే రెండుగా విడగొట్టుకోవాలి.

ఇక “మా తూకం తప్పకుండా చూడండి”. ‘తప్పు’ అనే క్రియ నుంచి వచ్చిన ‘తప్పకుండా’కి తప్పిపోకుండా అనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ వాడగా వాడగా ఆ మాట ‘కచ్చితంగా’ అనే అర్థంలో స్థిరపడిపోయింది. “రేపు తప్పకుండా రండి” అన్నప్పుడు తప్పు గురించి ఎవరూ ఆలోచించరు. అందుకే మీ వాక్యం వినగానే, మా తూకాన్ని కచ్చితంగా చూడండి అని అర్థమవుతుంది. అది దేవతతో అన్నట్టు కాదు, కొట్లో కాటా పక్కన ఖాతాదారుల కోసం రాసిపెట్టినట్టు ఉంటుంది. “తూకంలో తేడా రాకుండా చూడు” అంటే ఆ చిక్కు పోతుంది.

అయితే నేను అక్కడితో ఆగను. ‘తేడా రాకుండా’ అన్నప్పుడు ఆ తేడా దానంతట అదే వచ్చేదని అర్థం. ‘తేడా చెయ్యకుండా’ అంటే చేసేవాడు ఒకడున్నాడు. ‘తప్పు జరిగింది’కీ ‘తప్పు చేశాను’కీ ఉన్న దూరమే ఇక్కడా ఉంది. కాటా పాడైతే తేడా వస్తుంది, పళ్ళెం కింద ఏదైనా పెడితే తేడా చేసినట్టు. కాటా పాడైతే బాగుచేయించుకోవచ్చు. దేవుణ్ణి అడగాల్సింది రెండోదాని గురించి. అందుకని “నా చెయ్యి తూకంలో తేడా చెయ్యకుండా చూడమ్మా” అనడమే ఈ ప్రార్థనకి తగిన వాక్యం అని నా అభిప్రాయం. మీరు అడగాలనుకున్నది నిజంగా అదే అనుకుంటున్నాను.

మొదటి వాక్యం కూడా ఈ సూత్రంతోనే సరిపడుతుంది. ‘నిజాయితీ’ నామవాచకం, అది మనిషి గుణం. ‘నిజాయితీ గల మనిషి’, ‘నిజాయితీగా చేసే వ్యాపారం’ అంటాం గాని ‘నిజాయితీ అయిన వ్యాపారం’ అనం. పైగా నిజాయితీగల వ్యాపారాన్ని ఎవరో ఇస్తే పుచ్చుకోవడం ఉండదు, చెయ్యాల్సింది మీరే. కాబట్టి “నిజాయితీగా వ్యాపారం చేసే బుద్ధి ఇవ్వు” అని అడగండి.

‘ప్రసాదించవలసినదిగా కోరుచున్నాను’ అన్నది అర్జీ భాష. కరెంటు మీటరు కోసం ఆఫీసులో ఇచ్చే కాగితంలో అది సరిపోతుంది. ప్రార్థనకి ‘ఇవ్వు’, ‘చూడు’, ‘కాపాడు’ చాలు. మీరు ‘నీవు’ అని మొదలుపెట్టి ‘చూడండి’, ‘కాపాడండి’ అని ముగించారు, అదీ కుదరదు. మాటమాటకీ ‘అండీ’ చేర్చే మన గోదావరి జిల్లాల్లో కూడా అన్నవరం సత్యనారాయణ స్వామిని ‘నువ్వే దిక్కు’ అంటాం గాని ‘మీరే దిక్కండీ’ అనం. కొందరు దేవుణ్ణి ‘మీరు’ అని సంబోధిస్తున్నారు, దాన్ని తప్పనను. ఏది ఎంచుకున్నా చివరిదాకా దాన్నే వాడాలి.

‘న్యాయమైన లాభములను’ దగ్గర బహువచనం అక్కర్లేదు, ‘న్యాయమైన లాభం’ చాలు. దీని బదులు ‘గిట్టుబాటు’ అనొచ్చు కదా అని మీవైపు వాళ్ళు అనొచ్చు, కానీ రెండూ ఒకటి కావు. మిల్లు నుంచి బియ్యం బస్తా తెచ్చారనుకోండి. కొన్న ధర, ఆటో కిరాయి, కొట్టు అద్దె, కరెంటు, విడిగా తూచి అమ్మేటప్పుడు పోయే తరుగు, ఇవన్నీ తిరిగి చేతికొస్తే గిట్టినట్టు. ఆ పైన మిగిలిందే లాభం. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, తర్వాత ‘రెండు, మూడు’ అని లెక్కపెట్టడం పాత అలవాటు. నోట మొదట పలికే ఆ మాట ప్రార్థనలో కూడా ఉండాలనే నా కోరిక. ముందు ‘న్యాయమైన’ అని చేర్చారు కాబట్టి దురాశ అనిపించదు.

అన్నీ కలిపితే ఇలా వస్తుంది:

“అమ్మా లక్ష్మీదేవీ! నిజాయితీగా వ్యాపారం చేసే బుద్ధి నాకు ఇవ్వు. నా చెయ్యి తూకంలో తేడా చెయ్యకుండా చూడమ్మా. మాకు న్యాయమైన లాభం రానివ్వు. కొనేవాళ్ళకి నష్టం రానివ్వకు.”

మొదటి రెండు వాక్యాల్లో ‘నాకు, నా’ అని, తర్వాత ‘మాకు’ అని కావాలనే ఉంచాను. లాభం ఇంటిల్లిపాదికీ, తూకం మాత్రం కాటా దగ్గర నిలబడ్డ మనిషిదే. మీ తమ్ముడో మీ ఆవిడో కూడా కొట్లో కూర్చునేట్టయితే, ‘నా చెయ్యి’ అన్న వాక్యాన్ని వాళ్ళ చేత కూడా విడిగా చెప్పించండి. ‘మా చేతులు’ అని మార్చకండి. మీ వీధిలో ఎవరైనా యేసుకో అల్లాకో చెప్పుకోవాలనుకుంటే సంబోధన మార్చుకుని, ‘చూడమ్మా’ అన్నచోట ‘చూడు తండ్రీ’ అనో ఉత్త ‘చూడు’ అనో అంటే సరిపోతుంది, మిగతా వాక్యాలు మారవు.