ఎంత తెలుగు, ఎంత ఇంగ్లిష్ అని అడిగితే...

ప్రశ్న: ఎంబీఏ మార్కెటింగ్ చేసి, విజయవాడలోని ఒక యాడ్ ఏజెన్సీలో ట్రైనీ కాపీరైటర్‌గా చేరాను. భీమవరం, తణుకు, నరసాపురంలో బ్రాంచీలున్న ఎలక్ట్రానిక్స్ షోరూమ్ పని నాకిచ్చారు. పూర్తి తెలుగులో రాస్తే గవర్నమెంటు నోటీసులా ఉందన్నారు. ఇంగ్లిష్ కలిపితే ఊళ్లవాళ్లకు అర్థం కాదన్నారు. గోదావరి యాసలో రాస్తే ఓనర్ గారు మొహం చిట్లించారు. ఎంత శాతం తెలుగు ఉండాలో లెక్కేమైనా ఉందా? ఇదే లైన్‌లో కొనసాగవచ్చా?

జవాబు: శాతాల లెక్క లేదు. ఒకే ప్రకటనలో కూడా ఒక్కో వాక్యం ఒక్కో పని చేస్తుంది. ఏ వాక్యానికి ఏ భాష అన్నది ఆ పనిని బట్టి తేలుతుంది. ఊరు చిన్నదా పెద్దదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ముందు ఒక పూట ఆ షోరూమ్ కౌంటర్ పక్కన నిలబడండి. వచ్చినవాళ్లు ఫ్రిజ్ అంటారు, ఏసీ అంటారు, వారంటీ అంటారు, ఎక్స్‌ఛేంజ్ అంటారు. వీటికి తెలుగు మాట వెతకడం దండగ. ‘శీతలీకరణ యంత్రం’ అని మీరు రాసి ఉంటే, నోటీసులా ఉందన్న మాట నిజమే. కానీ డబ్బు దగ్గరికొచ్చేసరికి అదే మనిషి ‘డౌన్ పేమెంట్ ఎంత’ అని ఎన్నిసార్లు అడుగుతాడో, ‘ముందెంత కట్టాలండీ? నెలకెంత పడుద్ది?’ అని ఎన్నిసార్లు అడుగుతాడో గమనించండి. వస్తువు పేరు ఇంగ్లిష్‌లో ఉన్నా, డబ్బు లెక్క మాత్రం చాలామంది తెలుగులోనే వేసుకుంటారు. మీ కాపీ కూడా ఆ దారినే పోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఫ్రిజ్ ధర 24,000 రూపాయలు, 12 వాయిదాలు, ఫైనాన్స్ కంపెనీ ప్రాసెసింగ్ ఫీజు 499 రూపాయలు అనుకుందాం. క్లయింట్ మీకు పంపేది సాధారణంగా ఇలా ఉంటుంది: ‘జీరో డౌన్ పేమెంట్, నో కాస్ట్ ఈఎంఐ, కండిషన్స్ అప్లై.’ దీన్ని తెలుగు చేయబోతే ‘ముందు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు’ అని వస్తుంది. అది అబద్ధం. 499 కట్టనిదే ఫ్రిజ్ బయటికి రాదు. ఇంగ్లిష్‌లో చెల్లిపోయిన మాట తెలుగులోకి రాగానే పట్టుబడుతుంది. ఆఫర్ చూసి పక్క ఊరి నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన మనిషికి కౌంటర్ దగ్గర 499 సంగతి తెలిస్తే గొడవ పడేది సేల్స్‌మన్‌తోనే. అందుకే ఇలా రాయండి: ‘499 రూపాయలు కట్టండి, ఫ్రిజ్ ఈ రోజే తీసుకెళ్లండి. తర్వాత నెలకు 2,000 చొప్పున 12 నెలలు.’ ఇందులో ఇంగ్లిష్ మాట ఒక్కటే, ఫ్రిజ్. అయినా పుస్తకాల తెలుగు కాదు. షరతులు కూడా ఆఫర్ ఏ భాషలో చెప్పారో ఆ భాషలోనే ఉండాలి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ మార్గదర్శకాలు చెప్పేదీ అదే. పైన తెలుగులో ఊరించి, అడుగున చీమ తలకాయంత ఇంగ్లిష్‌లో మెలిక పెట్టడం కుదరదు.

రాసింది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ‘అర్థమైందా’ అని అడగకండి. ఎవరైనా అయిందనే అంటారు. పాలబూత్ దగ్గరో, షోరూమ్ బయటో ఒకరికి కాగితం ఇచ్చి, చదివాక తీసేసుకుని, ‘ఇంట్లోవాళ్లకు ఏమని చెప్తారు’ అని అడగండి. ఆయన 499 అన్న అంకె వదిలేసి చెప్తే లోపం మీ వాక్యంలో ఉంది. మీరు రాసిన మాటకు బదులు ఆయన వేరే మాట వాడితే, ఆ మాట నోట్ చేసుకోండి. తర్వాతి డ్రాఫ్టులో అదే పెట్టండి.

యాస సంగతి. ఓనర్ గారు మొహం చిట్లించడంలో తప్పులేదు. గోదావరి జిల్లాల ‘ఆయ్’ని సినిమాలు నవ్వించడానికి తెగ వాడేశాయి. పెద్ద ఫ్లెక్సీ మీద అది అచ్చులో కనిపిస్తే, మన మాటను ఎవరో వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. రాసింది విజయవాడ ఏజెన్సీ అని తెలిస్తే మరీనూ. అదే యాస వాళ్ల నరసాపురం బ్రాంచిలో పనిచేసే కుర్రాడి నోట రీల్‌లో వస్తే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, ఎందుకంటే అది అతని మాటే. కాబట్టి రీల్‌కు డైలాగులు రాసివ్వకండి. చెప్పాల్సిన పాయింట్లు మాత్రం ఇచ్చి, మాట అతనికి వదిలేయండి. ఆటో మైకుకు యాస అక్కర్లేదు, మామూలు వాడుక భాష చాలు. అచ్చులో మాత్రం ‘రండి, చూడండి’ అనే మర్యాదను వదలకండి. హైదరాబాద్ కాలేజీ కుర్రాళ్ల కోసం రాసినట్టు ‘రా బ్రో’ అంటే నలభై దాటిన కస్టమర్ మీ బోర్డు దాటుకుని వెళ్లిపోతారు.

ఇక చాలామంది కాపీరైటర్లు పట్టించుకోని విషయం ఒకటుంది. ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక మెసేజ్‌కు 160 పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి చేరినా ఆ హద్దు 70కి పడిపోతుంది. పైగా గుణింతం గుర్తు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘షోరూమ్’ మనకు మూడు అక్షరాలు, ఫోన్ నెట్‌వర్క్‌కు ఆరు. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, బిల్లు ముక్కల లెక్కన పడుతుంది. పైగా టెంప్లేట్‌ను ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి కాబట్టి చివరి నిమిషంలో మాట మార్చడం కుదరదు. అందుకని ఎస్ఎంఎస్‌లో ఒక్క ఆఫర్, ఒక్క తేదీ, బ్రాంచి పేరు చాలు. మిగతాది వాట్సాప్‌కు వదిలేయండి. వాట్సాప్‌లో కస్టమర్లు చాలామంది తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి రేటు అడుగుతారు. వాళ్లు ఏ లిపిలో అడిగితే ఆ లిపిలోనే జవాబివ్వమని షోరూమ్ వాళ్లకు చెప్పండి.

ఫ్లెక్సీతో ఇంకో తంటా. మన ఊళ్ల ఫ్లెక్సీ షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లు నడుస్తున్నాయి. మీరు యూనికోడ్‌లో పంపిన మేటర్ అక్కడ తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, ఆపరేటర్ మళ్లీ టైపు చేస్తాడు. పాత ఫొటోషాప్ వెర్షన్లలో పెట్టినా, భారతీయ భాషల సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకొస్తాయి. ప్రింటుకు ముందు ప్రూఫ్ తెప్పించుకుని, అంకెలు, ఒత్తులు, ఫోన్ నంబరు స్వయంగా చూడండి. ‘ఎక్స్‌ఛేంజ్’ లాంటి ఒత్తుల మాట ఉంటే రెండుసార్లు చూడండి.

కెరీర్ సంగతికి వస్తే, కొనసాగవచ్చు. కాకపోతే ‘నాకు తెలుగు బాగా వచ్చు’ అంటే ఉద్యోగం ఇవ్వరు. ఇంటర్వ్యూలో చూపించడానికి పోర్ట్‌ఫోలియో కావాలి. ఈ షోరూమ్ పనితోనే మొదలుపెట్టండి. ఒకే ఆఫర్‌ను హోర్డింగ్‌కు, ఎస్ఎంఎస్‌కు, ఆటో మైకుకు మూడు రకాలుగా రాసి, క్లయింట్ మొదట ఇచ్చిన మేటర్‌ను కూడా వాటి పక్కనే చూపించండి. ఏ మాట ఎందుకు మార్చారో ఒక్కో వాక్యంలో రాయండి. బ్రాంచివారీగా ఎన్ని ఫోన్లు వచ్చాయో షోరూమ్‌ను అడిగి రాసుకోండి. తణుకు ఫ్లెక్సీకి ఒక నంబరు, భీమవరం ఫ్లెక్సీకి వేరే నంబరు వేయించమని ఇప్పుడే అడిగితే, వచ్చే పండగ ఆఫర్ నాటికి ఏ కాపీ ఎంత లాగిందో మీ చేతిలో అంకెలుంటాయి.