సిబిల్‌లో NH: ఫ్రీలాన్సర్‌కి మొదటి లోన్

"ఫ్రీలాన్స్ వీడియో ఎడిటర్ని. ఒక నెల 70 వేలు, ఒక నెల సున్నా. కెమెరాకి 2 లక్షల లోన్ అడిగితే రిజెక్ట్. సిబిల్‌లో NH అని ఉంది. ఏం చెయ్యాలి?"

NH అంటే చెడ్డ స్కోరు కాదండీ, అసలు అప్పు చరిత్రే లేదని. ఆదాయం సంగతి ఆ తర్వాతే. ఇప్పుడు ఇంకో నాలుగు యాప్‌లలో అప్లై చెయ్యకండి, ఆ ఎంక్వైరీలన్నీ రిపోర్టులో పడతాయి.

1. మీ పేమెంట్లు పడే బ్యాంకులోనే 20 వేలు ఎఫ్‌డీ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు అడగండి. జీతం స్లిప్ అడగరు.

2. అందరూ తప్పు చేసేది ఇక్కడే. గడువులోపు పూర్తిగా కట్టినా, సిబిల్‌కి వెళ్లేది బ్యాంకు వివరాలు పంపే రోజున్న బాకీ. అది లిమిట్‌కి దగ్గరగా ఉంటే స్కోరుకి మంచిది కాదు. లిమిట్ 18 వేలు, వాడింది 14 వేలు అనుకోండి. బిల్లు వచ్చేదాకా ఆగకుండా ముందే 11 వేలు కట్టెయ్యండి. బిల్లులో 3 వేలే కనబడుతుంది. అది గడువులోపు మొత్తం కట్టండి. మినిమమ్ డ్యూ జోలికి పోవద్దు. సున్నా నెల కోసం ఆ 3 వేలు విడిగా ఉంచుకోండి.

3. సుమారు ఆరు నెలలకి NH పోయి స్కోరు వస్తుంది.

4. ఈలోగా ఐటీఆర్ వెయ్యండి. క్లయింట్లు టీడీఎస్ కోస్తే చాలదు. చాలా బ్యాంకులు రెండేళ్ల రిటర్నులు, ఖాతా స్టేట్‌మెంట్ అడుగుతాయి. రిఫండ్ కోసమని ఆదాయం తగ్గించి చూపిస్తే లోనూ అంతే తగ్గుతుంది.

5. అప్పుడు అదే బ్యాంకులో ముందు 50 వేలే అడగండి.